నా 196, మా ఆవిడ 228

ఫిబ్రవరి 9, ఆదివారం. మా అపార్ట్‌మెంట్ పార్కింగులో ఒక ల్యాబ్ వాళ్లు బల్ల వేసుకుని కూర్చున్నారు. లిపిడ్ ప్రొఫైల్ అనే కొలెస్ట్రాల్ పరీక్ష, షుగరు కలిపి మనిషికి 700. విశాఖ ఎంవీపీ కాలనీలో ఇలాంటి క్యాంపులు ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటాయి, నేనెప్పుడూ ఆ ఛాయలకు వెళ్లలేదు. ఈసారి మా ఆవిడ వదల్లేదు. ఆమెకు 48, నాకు 51.

ముందురోజు రాత్రి బంధువుల రిసెప్షన్. బిర్యానీ, రెండు పెగ్గులు, ఆపైన గులాబ్‌జామ్. తినేసరికి పదకొండయింది. పొద్దున్న ఎనిమిదికి సూది గుచ్చుతూ "పన్నెండు గంటలైందా సార్?" అని ఆ కుర్రాడు అడిగితే తలూపేశాను. ఆ తలూపుడు తర్వాత నాకు ఇంకో రక్తపరీక్ష ఖర్చు తెచ్చిపెట్టింది.

సోమవారం సాయంత్రం రిపోర్టులు వాట్సాప్‌లో వచ్చాయి. నాది మొత్తం కొలెస్ట్రాల్ 196. పక్కనే "200 లోపు" అని రాసి ఉంది. "చెడ్డ కొలెస్ట్రాల్" అంటారే, ఆ ఎల్‌డీఎల్ 100, అదీ నల్లక్షరాల్లోనే. కింద ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 310, హెచ్‌డీఎల్ 34 అని రెండు ఎర్ర అంకెలు కనిపించాయి కానీ మొదటిది బిర్యానీ పుణ్యం అనుకున్నాను, రెండోది "మంచి కొలెస్ట్రాల్" కదా, మంచిది కాస్త తక్కువైతే కొంప మునగదు అనుకున్నాను. మా ఆవిడది మొత్తం 228, ఎల్‌డీఎల్ 143, రెండూ ఎర్రగా. హెచ్‌డీఎల్ 66, ట్రైగ్లిజరైడ్స్ 95.

ఆ రాత్రి మా ఇంట్లో నేను పాసైనవాణ్ని, ఆమె ఫెయిలైన మనిషి. నెయ్యి గిన్నె పై అరలోకి పోయింది. మర్నాడు గుడ్లు ఉడికించి పచ్చసొనలు తీసి చెత్తబుట్టలో వేసింది. "ఏవండీ, నాకేమైనా అయితే చిన్నదాని చదువు..." అని పడుకునే ముందు సగం మాట అని ఆగిపోయింది. నేను ఓదార్చాను. పాసైనవాడి ఓదార్పు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, "నాలాగా రోజూ బీచ్‌కి నడిస్తే తగ్గుతుందిలే" అన్నాను. నేను నడిచేది వారానికి రెండు రోజులు. అదీ అప్పూఘర్ దాకా వెళ్లి టీ తాగి రావడం.

13వ తేదీ గురువారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఫీజు 600, టోకెన్ 14, రెండు గంటల పది నిమిషాలు కూర్చోబెట్టారు. నిజానికి అపాయింట్‌మెంట్ మా ఆవిడకే. నా రిపోర్టు ఊరికే ఫైల్లో ఉంది. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, నా వైపు తిరిగి అడిగిన మొదటి ప్రశ్న, "మీ నాన్నగారు ఉన్నారా?"

నాన్న నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా పోయారు. గుండెపోటు. అప్పుడాయనకు 52. ఈ లెక్క నాకు తెలియక కాదు. పుట్టినరోజు వచ్చినప్పుడల్లా మనసులో ఒకసారి తీసివేత చేసుకుని ఎవరితో అనకుండా ఊరుకోవడం అలవాటు. గదిలో పైకి చెప్పాల్సి వచ్చేసరికి గొంతు పట్టేసింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పేషెంటు ఎవరో అక్కడితో తారుమారైంది.

డాక్టరమ్మ పెన్ను తీసి రెండు రిపోర్టుల మీదా చిన్న లెక్క వేసింది.

నాది: 196 – 34 = 162
ఆమెది: 228 – 66 = 162

"మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది నాన్ హెచ్‌డీఎల్. గుండె రక్తనాళాలకు చేటు చేసేదంతా అందులోనే ఉంటుంది. ఇద్దరికీ ఒకటే. మీది 200 లోపు ఎందుకుందంటే మీలో మంచిది తక్కువ కాబట్టి, అంతే."

నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. ఇరవై ఏళ్లుగా చేస్తున్నది కూడికలూ తీసివేతలే. ఇంత చిన్న తీసివేత నాకు తట్టకపోవడం ఆ రోజుకు పెద్ద అవమానం.

అసలు మంచి, చెడ్డ అని రెండు కొలెస్ట్రాళ్లు లేవట. కొలెస్ట్రాల్ ఒక్కటే, మైనం లాంటి పదార్థం. ప్రతి కణం గోడకూ అది కావాలి, కొన్ని హార్మోన్లకూ, డి విటమిన్‌కూ, కొవ్వును అరిగించే పైత్యరసానికీ అదే ముడిసరుకు. అందుకే తిండి కోసం చూడకుండా ఎక్కువ భాగం శరీరమే తయారు చేసుకుంటుంది, అందులో లివర్‌ది పెద్ద చెయ్యి. చిక్కంతా రవాణాలో వస్తుంది. చారు మీద నూనె తేలినట్టే అది రక్తంలో కరగదు. కాబట్టి ప్రొటీన్ తొడుగున్న చిన్న చిన్న రేణువుల్లో ఎక్కించి పంపాలి. లివర్ నుంచి బయటి కణాలకు మోసుకెళ్లేవాటిలో ముఖ్యమైనది ఎల్‌డీఎల్. మిగిలిపోయిన దాన్ని ఏరుకుని లివర్‌కు తిరిగి చేర్చే పనిలో ఉండేది హెచ్‌డీఎల్. సరుకు ఒకటే, లారీలు వేరు. ఎల్‌డీఎల్ లారీలు అవసరానికి మించి తిరుగుతుంటే కొన్ని రక్తనాళం గోడలోకి దూరి అక్కడే ఇరుక్కుపోతాయి. ఏళ్ల తరబడి అలా పేరుకున్నదే పూడిక. అందుకే దానికి చెడ్డపేరు.

"లారీలు" అన్నది నా మాటే. డాక్టరమ్మ "వాహనాలు" అంది. కాన్వెంట్ జంక్షన్ దగ్గర రోజూ గంటసేపు ఇరుక్కునేవాడికి వాహనం అంటే లారీయే.

తర్వాత ఆవిడ అడిగింది, "ఈ పరీక్షకు ముందురోజు ఏం తిన్నారు?" దాచి లాభం లేదనిపించి పెగ్గులతో సహా చెప్పాను. మందూ, ఆలస్యంగా చేసిన భారీ భోజనమూ ట్రైగ్లిజరైడ్స్‌ని ఎక్కువ చేసి చూపిస్తాయట. మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ మాత్రం ఒక పూట తిండికి పెద్దగా కదలవు. అంటే 310 మీద కొంత అనుమానపడొచ్చు కానీ, 162ని బిర్యానీ మీదికి నెట్టేయడానికి లేదు. రెండు వారాలు మందు జోలికి పోకుండా, సరిగ్గా ఉపవాసం ఉండి మళ్లీ చేయించమంది. నాకు అపో బి అనే పరీక్ష ఒకటి, మూడు నెలల సగటు షుగరు, లివర్ పరీక్ష అదనంగా రాసింది. మా ఆవిడకు థైరాయిడ్ పరీక్ష ఒక్కటే. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుందట. ఆమెకు నెలసరి ఆగి ఏడాదైంది, ఆ వయసులోనూ ఎల్‌డీఎల్ పైకి జరగడం మామూలేనట. ఆ మాట విన్నాక మా ఆవిడ ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది. మూడు రోజులుగా తను చేసిన తప్పేమిటా అని వెతుక్కుంటోంది పాపం.

ఫిబ్రవరి 27న రక్తం ఇచ్చాం. నా వాటా బిల్లు 2,150. అపో బి శాంపిల్ వేరే ఊరికి వెళ్తుందని, మూడు రోజులు పడుతుందని చెప్పారు. లిపిడ్ రిపోర్టు మర్నాడే వచ్చింది: మొత్తం 192, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్స్ 260, ఎల్‌డీఎల్ 106.

ఇక్కడ నేను తెల్లబోయాను. మందు మానేశాను, ట్రైగ్లిజరైడ్స్ 50 తగ్గాయి, మొత్తమూ తగ్గింది. మరి ఎల్‌డీఎల్ 100 నుంచి 106కి ఎలా ఎక్కింది? రాత్రి నాలుగు కాగితాలూ డైనింగ్ టేబుల్ మీద పరిచి కూర్చున్నాను. వీఎల్‌డీఎల్ అని ఒక వరుస ఉంటుంది, ట్రైగ్లిజరైడ్స్ మోసే లారీలది, దాన్నెవరూ చూడరు. నా పాత రిపోర్టులో 62. కొత్తదాంట్లో 52. మా ఆవిడది 19. 310ని 5తో భాగిస్తే 62. 260ని భాగిస్తే 52. 95ని భాగిస్తే 19. ఒక్క పాయింటు కూడా తేడా లేదు. మనిషి రక్తం అంత చక్కగా భాగహారం చెయ్యదు కదా!

అంటే వాళ్లు ఎల్‌డీఎల్‌ని కొలవనే లేదు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు తీసేసి, మిగిలినదానికి ఎల్‌డీఎల్ అని పేరు పెట్టారు. 196 – 34 – 62 = 100. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ వస్తే తీసివేసేదీ ఎక్కువే, ఎల్‌డీఎల్ అందంగా తగ్గి కనిపిస్తుంది. నా పెగ్గులే నా చెడ్డ కొలెస్ట్రాల్‌ని నార్మల్ చేసి చూపించాయన్నమాట.

మార్చి 3న డాక్టరమ్మతో ఈ సంగతి చెప్తే నవ్వింది. అది ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం, 1972 నుంచి వాడుకలో ఉంది, ట్రైగ్లిజరైడ్స్ మామూలుగా ఉన్నవాళ్లకు బాగానే పనిచేస్తుంది, పెరిగేకొద్దీ నమ్మకం సడలుతుంది, 400 దాటితే వాడకూడదు అంది. నేరుగా కొలిచే పద్ధతి వాడే ల్యాబ్‌లూ ఉన్నాయి. వీఎల్‌డీఎల్ వరుసలో కచ్చితంగా అయిదో వంతు కనిపిస్తే అది లెక్కకట్టిన అంకె అని మీరూ పట్టేయొచ్చు.

అపో బి 114 వచ్చింది. ఈ పరీక్ష ఎందుకో అప్పుడు అర్థమైంది. ఎల్‌డీఎల్ అంకె చెప్పేది లారీల్లో ఉన్న సరుకు బరువు. అపో బి చెప్పేది లారీల సంఖ్య, ఎందుకంటే ప్రతి లారీకి, అంటే ఎల్‌డీఎల్ అయినా వీఎల్‌డీఎల్ అయినా, ఆ ప్రొటీన్ ఒక్కటంటే ఒక్కటే ఉంటుంది. జంక్షన్‌లో జామ్ అయ్యేది టన్నుల వల్ల కాదు, బళ్ల వల్ల. నా ఎల్‌డీఎల్ అంకె చూసి ఊహించిన దానికంటే బళ్లు ఎక్కువున్నాయి. నాకు 90 లోపు ఉంటే బాగుండేదట.

ఎందుకిలా? తేలిగ్గా చెప్తాను, ఆవిడ బొమ్మ గీసి చెప్పింది. మనం ఖర్చు చెయ్యని అన్నమూ చక్కెరా మందూ లివర్లో కొవ్వుగా మారి, ట్రైగ్లిజరైడ్స్ రూపంలో వీఎల్‌డీఎల్ లారీలెక్కి బయల్దేరతాయి. అవి దారిలో మిగతా లారీలతో సరుకు మార్చుకుంటాయి, ట్రైగ్లిజరైడ్స్ ఇచ్చి కొలెస్ట్రాల్ తీసుకుంటాయి. అలా కొవ్వెక్కిన హెచ్‌డీఎల్ త్వరగా కరిగి రక్తంలోంచి వెళ్లిపోతుంది. ఎల్‌డీఎల్ చిన్నదైపోతుంది, ఒక్కోదాంట్లో కొలెస్ట్రాల్ తక్కువ, సంఖ్య మాత్రం తగ్గదు. పొట్ట, కొంచెం షుగరు ఉన్న మనవాళ్లలో ఈ తీరు చాలా ఎక్కువగా కనిపిస్తుందట. నా నడుము 98 సెంటీమీటర్లు, మూడు నెలల షుగరు 6.1. అంటే షుగర్ వ్యాధి గుమ్మం దాకా వచ్చాను, లోపలికి అడుగుపెట్టలేదు.

నేను అడగాల్సింది అడిగాను. "హెచ్‌డీఎల్ పెంచే మాత్ర ఇవ్వండి మేడమ్. మంచిది పెరిగితే చెడ్డదాన్ని అదే ఊడ్చేస్తుంది కదా."

"అందరూ అలాగే అనుకున్నారండీ" అంది. టోర్‌సెట్రపిబ్ అని ఒక మందు తయారు చేశారట, హెచ్‌డీఎల్‌ని బ్రహ్మాండంగా పెంచేదట. 2006 డిసెంబరులో దాని మీద జరుగుతున్న పెద్ద పరీక్షను అర్ధంతరంగా ఆపేశారు. మందు వేసుకున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువ కనిపించాయి. నయాసిన్ అనే మందుతోనూ హెచ్‌డీఎల్ పెరిగింది, ఎల్‌డీఎల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడుతున్నవాళ్లకు దానివల్ల గుండెపోట్లు అదనంగా తగ్గలేదు. హెచ్‌డీఎల్ తక్కువ ఉందంటే లోపల ఇంకేదో గడబిడ ఉందని గుర్తు, ఆ అంకెను పైకి లాగినంత మాత్రాన గడబిడ పోదు. పొట్ట తగ్గించుకోండి, నడవండి, దానంతటది కాస్త పెరిగితే సరే అంది.

అదే గుక్కలో మా ఆవిడ వైపు తిరిగి, "మీకు 66 ఉంది కదా అని 143 మాఫీ అవ్వదమ్మా. దాని లెక్క దానిదే" అంది. థైరాయిడ్ బాగానే ఉంది, బీపీ షుగరు లేవు, వాళ్ల ఇంట్లో చిన్న వయసులో గుండె జబ్బు ఎవరికీ లేదు. కాబట్టి మందు ఇప్పుడొద్దు, తిండి మార్చి మూడు నెలలు చూద్దాం. నాకు మాత్రం నాన్న సంగతి, షుగరు, 114, అన్నీ కలిపి చూసి రోజూ రోసువాస్టాటిన్ 10 రాసింది. అది లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. లోటు పూడ్చుకోవడానికి లివర్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ని ఎక్కువగా లోపలికి లాక్కుంటుంది. షుగరు అంచున ఉన్నవాళ్లకు ఈ మందుతో షుగరు కొద్దిగా పెరగొచ్చనీ, నా విషయంలో లాభమే ఎక్కువనీ దాచకుండా చెప్పింది. బయటికొచ్చి మెడికల్ షాపులో స్ట్రిప్ కొన్నాను. తర్వాతి నెల నుంచి జన ఔషధిలో అదే మందు చాలా తక్కువకు దొరికింది.

తిండి విషయంలో మేం పడ్డ కష్టంలో సగం తప్పు దారిలో పడ్డది. పచ్చసొన, రొయ్యలు మానేసి మా ఆవిడ త్యాగం చేస్తోంది కదా, ఆమెకు అసలు తగ్గించాల్సినవి సాయంత్రం బేకరీ పఫ్‌లూ, పెరుగు మీద మీగడా, నెయ్యీ. తినే కొలెస్ట్రాల్ కంటే ఇలాంటి గడ్డకట్టే కొవ్వే చాలామందిలో ఎల్‌డీఎల్‌ని ఎక్కువ పెంచుతుందట. గుడ్లు మళ్లీ పూర్తిగా ఇంట్లోకొచ్చాయి. నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాస్తారే, అది చూసి మేం ఏళ్లుగా ఎక్కువ డబ్బు పెట్టాం. ఏ గింజ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, అది జంతువుల సరుకు. పామాయిల్ ప్యాకెట్ మీద కూడా ఆ మాట నిజాయితీగానే రాయొచ్చు, అందులో ఆ గడ్డకట్టే కొవ్వు మాత్రం బోలెడు.

నా కంచంలో తగ్గింది అన్నం. మూడు గరిటెలు ఒకటిన్నర అయింది. రోజుకు నాలుగు టీలు చక్కెరతో తాగేవాణ్ని, రెండు, చక్కెర లేకుండా. మొదటి పదిరోజులు అవి టీలు కావు, కషాయాలు. వారానికి రెండుసార్లు ఫిషింగ్ హార్బర్ నుంచి కానగుర్తలు, వేపుడు కాదు, పులుసు. ఈ చేప శాస్త్రీయ నామంలో మన కానగుర్త అన్న పేరే ఉంది, అది మా అమ్మాయి చూపించింది. ఏప్రిల్, మే నెలలే నరకం. బంగినపల్లి రోజుల్లో సగం కాయతో లేవడం అంటే మాటలా.

మార్చి 12న తొడలు నొప్పి మొదలైంది. మందు డబ్బాలోని కాగితంలో కండరాల నొప్పులని చదివి ఉన్నాను, అంతే, టెన్షన్. మాత్ర ఆపేద్దామనుకున్నాను. మా ఆవిడ ఆపనివ్వకుండా ఫోన్ చేయించింది. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే చూసుకోమన్నారు, 400 ఖర్చు. అది నార్మల్. తర్వాత డాక్టరమ్మ అడిగింది, "కొత్తగా వ్యాయామం ఏమైనా మొదలెట్టారా?" మొదలెట్టాను. 9, 10 తేదీల్లో కైలాసగిరి మెట్లెక్కాను, జీవితంలో మొదటిసారి, వరసగా రెండు రోజులు. వారం తర్వాత నొప్పి పోయింది, మాత్ర మాత్రం రోజూ నడుస్తూనే ఉంది. మూత్రం ముదురు రంగులోకి మారినా, కండరాలు నీరసించిపోయినా మాత్రం ఆగకుండా రమ్మని చెప్పి ఉంచారు.

జూన్ 2న మళ్లీ ఇద్దరం రక్తం ఇచ్చాం. ముందురోజు రాత్రి ఎనిమిదికే భోజనం ముగించి గడియారం చూసి పడుకున్నాను. నాది మొత్తం 138, ట్రైగ్లిజరైడ్స్ 165, హెచ్‌డీఎల్ 37, ఎల్‌డీఎల్ 68. నాన్ హెచ్‌డీఎల్ 101, మూడు నెలల కింద 158. మా ఆవిడది మొత్తం 209, హెచ్‌డీఎల్ 64, ఎల్‌డీఎల్ 127, నాన్ హెచ్‌డీఎల్ 145. నా నడుము కొలిస్తే 94.

ఇన్ని నడకలకు హెచ్‌డీఎల్ మూడంటే మూడు పాయింట్లే పెరిగిందని నాకు ఉసూరుమనిపించింది. 5న వెళ్తే డాక్టరమ్మ దాన్ని అసలు పట్టించుకోలేదు, ఆవిడ కళ్లు 101 మీదే ఉన్నాయి. మందు అలాగే నడపమంది. మందు పనిచేసింది కాబట్టే అంకె దిగింది, మానేస్తే వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది, అంకె బాగుందని మానేవాళ్లే ఎక్కువమంది అంది. మా ఆవిడకు ఏడాది తర్వాత మళ్లీ. మొత్తం నాలుగు నెలల్లో ఇద్దరికీ కలిపి మందులు కాక పదివేలకు కాస్త తక్కువ అయింది.

ఆ సాయంత్రమే మా బావమరిది అనకాపల్లి నుంచి తన రిపోర్టు పంపాడు. మొత్తం కొలెస్ట్రాల్ 185 దగ్గర వేలు పెట్టి తీసిన ఫొటో, కింద "బావా, నార్మల్" అని. హెచ్‌డీఎల్ ఎంత అని అడిగాను. కాసేపు వెతికి 31 అని పంపాడు. 185 – 31 = 154 అని రాసి పంపించాను. నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాల తర్వాత ఫోన్ మోగింది, చేసింది వాడు కాదు, మా చెల్లెమ్మ.